షిట్జూకి ఒళ్ళంతా చిక్కు పడితే ఎంత పొడవు ఉంచొచ్చు, ఏ కట్ చేయించాలి?

ప్రశ్న: మా షిట్జూ బన్నీకి 11 నెలలు. విజయవాడలో ఉంటాం. పక్కనుంచి తీసిన ఫోటో పెట్టాను. మొన్నమొన్నటిదాకా జుట్టు పట్టులా ఉండేది, ఈ రెండు నెలల్లో రోజూ దువ్వుతున్నా చిక్కు పడుతోంది. పార్లర్‌లో చూపిస్తే "మొత్తం జీరో కొట్టాల్సిందే" అన్నారు. నాకు మనసొప్పట్లేదు. టెడ్డీ బేర్ కట్ చేయించి రెండంగుళాలైనా ఉంచొచ్చా? మా అత్తయ్యగారేమో ఎండలు ముదిరాయి, గీయించేస్తే చల్లగా ఉంటాడు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:

రెండంగుళాలు ఈసారికి కుదరదండి. అలాగని తల నుంచి తోక దాకా జీరో కొట్టించాల్సిన పనీ లేదు. ఫోటోలో కనిపిస్తున్నదాన్ని బట్టి ఒంటికి, కాళ్ళకి పొట్టి కట్ చేయించి, ముఖం, తోక మీద జుట్టు ఉంచుకోవచ్చని నాకు అనిపిస్తోంది. చెవుల సంగతి మాత్రం చేత్తో పట్టుకుని చూస్తే గానీ తేలదు. ఫోటోలో జుట్టు పైభాగం కనిపిస్తుంది, అట్ట కట్టేది చర్మం దగ్గర. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి, అది కింద చెప్తాను.

ముందు ఫోటోలో నాకేం కనిపించిందో చెప్తాను. వీపు మీద జుట్టు పాపిడి తీసినట్టు చక్కగా పడుతోంది. కానీ వీపు అందరి చేతికీ అందుతుంది, దువ్వేటప్పుడు అందరం దువ్వేది అక్కడే. చూపు కాస్త కిందికి దించి పక్కటెముకల దగ్గర చూడండి. అక్కడ జుట్టు విడి వెంట్రుకలుగా కాకుండా పలకలు పలకలుగా వేలాడుతోంది, పలకకీ పలకకీ మధ్య చీలిక ఉంది. చిక్కు లేని జుట్టు చివరికొచ్చేసరికి పలచబడుతుంది, ఇక్కడ చివర్లు మొద్దుగా ఉన్నాయి. చెవి మీద జుట్టు అంచులో పలచబడకుండా ఒకే దళసరిలో కిందికి దిగింది. చెవి వెనక అట్ట ఉందనడానికి అది గట్టి గుర్తు. ఒంటికి హార్నెస్ ఉంది కాబట్టి ఆ పట్టీ చంకల కింద నుంచి పోయే చోట ఏముందో చెప్పలేం. ముందు కాలు కొద్దిగా బయటికి పెట్టి నిలబడ్డాడు. అది ఫోటో కోసం నిలబడ్డ తీరు కావచ్చు, చంకలో జుట్టు అట్టకట్టి లాగుతుండటం వల్లా కావచ్చు. ఇంట్లో నడుస్తున్నప్పుడు కూడా కాలు అలాగే వేస్తున్నాడేమో గమనించండి.

రోజూ దువ్వుతున్నా ఇలా అయిందంటున్నారు, అది వయసు వల్ల. షిట్జూలకి దాదాపు 8 నుంచి 12 నెలల మధ్య పప్పీ జుట్టు పోయి పెద్ద జుట్టు వస్తుంది. ఊడిన ఆ మెత్తటి వెంట్రుకలు నేల మీద రాలవు, చుట్టూ ఉన్న పొడవాటి జుట్టులోనే ఇరుక్కుని మెలికలు పడతాయి. దానికి కాస్త తడి, కాస్త రాపిడి తోడైతే కొద్ది రోజుల్లోనే అట్ట కడుతుంది. ఇంతకాలం సరిపోయిన మెత్తటి బ్రష్ ఇప్పుడు పైపైన జారిపోతుందే గానీ అడుగుదాకా దిగదు. పైన నున్నగా, కింద అట్టగా ఉండటం ఈ వయసు షిట్జూల్లో నేను తరచూ చూసేదే. పెద్ద జుట్టు పూర్తిగా వచ్చాక ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. కాబట్టి ఇప్పుడు పొట్టిగా కత్తిరిస్తే ఆ కష్టకాలం తేలిగ్గా దాటిపోతుంది.

ఇక పరీక్ష. ఒక పక్క పళ్ళు దూరంగా, ఇంకో పక్క దగ్గరగా ఉండే స్టీలు దువ్వెన తీసుకోండి. ప్లాస్టిక్‌ది వద్దు, అది వంగి చిక్కు పక్క నుంచి జారిపోతుంది. హార్నెస్, కాలర్ రెండూ తీసేయండి. బన్నీని పక్కకి పడుకోబెట్టి చంక దగ్గర మొదలుపెట్టండి. ఎడమచేత్తో జుట్టుని పైకి ఎత్తి పట్టుకుని, చర్మం గీతలా కనిపించేలా పాయ తీయండి. దువ్వెన పళ్ళు చర్మానికి మెల్లగా ఆనించి, అక్కడి నుంచి బయటికి లాగండి. చర్మం దగ్గర నుంచి మొదలుపెట్టడమే ఈ పరీక్షలో కీలకం. సగం ఎత్తు నుంచి దువ్వితే అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇలాగే చెవుల వెనక, హార్నెస్ పట్టీ ఆనే చోట్ల, తొడల లోపలి వైపు, తోక మొదట్లో చూడండి. తర్వాత పక్కటెముకల మీద, వీపు మీద ఒక్కో చోట చూడండి.

దువ్వెన చర్మం నుంచి చివరిదాకా ఆగకుండా వస్తే అక్కడ మీరు కోరుకున్న పొడవు ఉంచొచ్చు. మధ్యలో ఆగినా, చర్మానికీ చిక్కుకీ మధ్య దువ్వెన దూరుతోందంటే ఆ ముడిని విడదీసే అవకాశం ఉంది. దువ్వెన అసలు దూరకపోయినా, చిక్కుని పట్టుకుని కదిపితే దాంతోపాటు చర్మం కూడా లేస్తున్నా అది చర్మానికి అంటుకుని అట్టకట్టినట్టే. అలాంటి చోట మెషిన్ తప్ప దారి లేదు. వీపు, పక్కటెముకల దగ్గర కూడా ఈ మూడో రకమే ఉంటే పార్లర్ వాళ్ళు చెప్పింది సబబే అనుకోవాలి.

ఎందుకు తప్పదో తెలిస్తే మీకు కాస్త మనసొప్పుతుంది. రెండంగుళాలు, ఒక అంగుళం లాంటి పొడవులు రావాలంటే క్లిప్పర్ బ్లేడుకి ముందు ఒక దువ్వెన అటాచ్‌మెంట్ తగిలిస్తారు, లేదా చేత్తో కత్తెర వేస్తారు. ఆ అటాచ్‌మెంట్ పళ్ళు జుట్టులోంచి సాఫీగా పోవాలి. అట్ట తగిలితే ఆగిపోతుంది, బలవంతంగా తోస్తే చర్మాన్ని లాగుతుంది. అందుకే అట్ట ఉన్న చోట అటాచ్‌మెంట్ లేకుండా ఉత్త బ్లేడుని అట్ట అడుగు నుంచి, అంటే అట్టకీ చర్మానికీ మధ్యలోంచి పోనివ్వాలి. అక్కడ ఎంత ఖాళీ ఉంటే అంతే జుట్టు మిగులుతుంది. పొడవుని నిర్ణయించేది మీరూ కాదు, గ్రూమరూ కాదు, ఆ ఖాళీయే.

"జీరో" అనే మాటకి కచ్చితమైన అర్థం లేదు, ఒక్కో షాపులో ఒక్కో పొడవుకి వాడతారు. కాబట్టి ఎన్ని మిల్లీమీటర్లు మిగులుతుందో అడగండి. సాధారణంగా 10 నంబర్ బ్లేడుతో ఒకటిన్నర మిల్లీమీటర్లు, 7ఎఫ్‌తో సుమారు 3, 5ఎఫ్‌తో 6, 4ఎఫ్‌తో 9 చిల్లర, 3ఎఫ్‌తో 13 మిల్లీమీటర్లు మిగులుతాయి. ఇవి జుట్టు వాలిన దిశలో పోనిచ్చినప్పటి లెక్కలు. ఎదురు దువ్వినట్టు పోనిస్తే అదే బ్లేడు ఇంకా పొట్టిగా తీస్తుంది. మంచి గ్రూమర్ 4ఎఫ్‌తోనో 5ఎఫ్‌తోనో ఒక చోట పెట్టి చూస్తారు. అది అట్ట కిందికి దూరకపోతేనే 7ఎఫ్‌కి దిగుతారు. 10 నంబర్ చర్మానికి బాగా బిగుసుకున్న చోట్లకి. మొదటి నుంచీ ఒళ్ళంతా 10తో గీస్తామంటే మాత్రం ఎందుకని అడగండి. బ్లేడు నంబర్ పక్కన ఎఫ్ అనే అక్షరం ఉందో లేదో కూడా చూడండి. అది లేని 5, 7 బ్లేడుల్లో పళ్ళు ఒకటి పొట్టి ఒకటి పొడుగు ఉంటాయి. చంకల్లో, తొడల దగ్గర పలచటి చర్మం ఆ పళ్ళ మధ్య ఇరుక్కుంటే తెగుతుంది.

"ఎంత డబ్బైనా పర్లేదు, చిక్కంతా విడదీయండి, పొడవు ఉంచండి" అని నన్ను అడిగేవాళ్ళు ఉంటారు. ఒకటి రెండు చోట్ల రూపాయి బిళ్ళంత ముడులుంటే నేను ఒప్పుకుంటాను. ఒళ్ళంతా ఉంటే ఒప్పుకోను. ప్రతి ముడి వెనకా చర్మం లాగుతుంది, గంటల తరబడి ఆ నొప్పి పడిన కుక్క తర్వాత బ్రష్ చూస్తేనే మంచం కిందికి దూరుతుంది. బన్నీ వయసుకి ఆ భయం పట్టుకుంటే జీవితాంతం పోకపోవచ్చు. అంత కష్టపెట్టి విడదీసినా సగం వెంట్రుకలు తెగిపోయి, మిగిలింది పీచులా ఉంటుంది, మళ్ళీ వారంలో చిక్కు పడుతుంది. జుట్టు మళ్ళీ పెరుగుతుంది కదా.

ఈలోపు ఇంట్లో కొన్ని పనులు చేయకండి. అపాయింట్‌మెంట్‌కి ముందు స్నానం చేయించకండి. తడిసి ఆరిన తాడు ముడి ఎలా బిగుస్తుందో చిక్కు కూడా అలాగే బిగుస్తుంది, అడుగున తడి రోజుల తరబడి ఆరదు, విజయవాడ ఉక్కకి చర్మం చీము పట్టడానికి ఆ తడి చాలు. కొబ్బరినూనె రాస్తే వదులుతుందని చాలామంది రాస్తారు. అట్ట వదలదు సరికదా దుమ్ము అంటుకుంటుంది, ఆ జిడ్డుకి క్లిప్పర్ బ్లేడు సాగదు. అన్నిటికన్నా ముఖ్యం, ముడిని కత్తెరతో కత్తిరించకండి. ముడిని పట్టుకుని పైకి లాగినప్పుడు చర్మం కూడా గుడారంలా దాంతోపాటు లేస్తుంది, జుట్టులో అది కనిపించదు. చెవి వెనకా చంకలోనూ కత్తెర పడి కుట్లదాకా వెళ్ళే కేసులు ఎక్కువగా ఇలా వచ్చేవే.

బన్నీకి కట్ ఎలా ఉండాలో ఇప్పుడు ఒక్కొక్క భాగం చెప్తాను.

ఒళ్ళు, మెడ, పొట్ట: దువ్వెన దూరితే 4ఎఫ్, లేకపోతే 5ఎఫ్, అదీ కాకపోతే 7ఎఫ్. ఒంటి మీద ఒక చోట 9, ఇంకో చోట 3 మిల్లీమీటర్లు వదిలితే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, అందుకే చాలామంది అంతా తక్కువ పొడవుకే సమం చేస్తారు. చంకలు, తొడల లోపలి భాగం ఎలాగూ కనిపించవు కాబట్టి అక్కడ పొట్టిగా తీసి, వీపు మీద వీలైతే ఒక మెట్టు పొడవు ఉంచమని అడగండి. మూత్రం, మలం వచ్చే చోట్ల చుట్టూ పొట్టిగానే ఉండాలి. అక్కడ పొడవు ఉంచితే తడి ఆగుతుంది.

కాళ్ళు: టెడ్డీ బేర్ కట్‌కి ఆ బొద్దు రూపం వచ్చేది కాళ్ళ మీద జుట్టు ఒంటికన్నా పొడవుగా వదలడం వల్ల. ఫోటోలో కాళ్ళ కింది భాగం వదులుగానే ఉంది. అక్కడ దువ్వెన పాసైతే 16 నుంచి 19 మిల్లీమీటర్ల అటాచ్‌మెంట్‌తో ఉంచమనండి. ఒళ్ళు పొట్టిగా ఉన్నా మీరు కోరుకున్న రూపం చాలావరకు కాళ్ళే తెస్తాయి. పాదాల అడుగున మెత్తల మధ్య జుట్టు మాత్రం పూర్తిగా తీయించండి. టైల్స్ నేల మీద జారిపోకుండా ఉంటాడు, వేళ్ళ మధ్య తడి, పేలు దాక్కోకుండా ఉంటాయి.

ముఖం: ఇక్కడ జుట్టు బాగానే ఉన్నట్టుంది, గుండ్రంగా కత్తెరతో చేయించవచ్చు. షిట్జూ కళ్ళు పెద్దవి, బయటికి ఉంటాయి. రెండు కళ్ళ మధ్య, ముక్కు పైన మొలిచే పొట్టి వెంట్రుకలు కంటి గుడ్డుకి గుచ్చుకుని పుండు పడే ప్రమాదం ఉంది. ఆ వెంట్రుకల్ని మొన గుండ్రంగా ఉండే చిన్న కత్తెరతో తీయించండి. కళ్ళ మీద పడే జుట్టుని రబ్బరు బ్యాండుతో పిలక కట్టే అలవాటు ఉంటే ఈ ఎండల్లో మానేసి, కనురెప్పల పైదాకా కత్తిరించేయమనండి. గడ్డం పొట్టిగా ఉంటే అన్నం మెతుకులు అంటవు.

చెవులు: ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. చెవి వెనక మొదట్లో జుట్టు పట్టులా మెత్తగా ఉంటుంది, అది అన్నిటికన్నా ముందు అట్ట కడుతుంది. అట్ట అక్కడికే పరిమితమైతే ఆ చిన్న చోటు మాత్రం గీసి, పైన చెవి జుట్టు అలాగే కప్పేయొచ్చు, బయటికి తెలియదు. చెవి మొత్తం దళసరి పలకలా ఉంటే గీయక తప్పదు. అప్పుడు చెవి అంచు ఎక్కడుందో వేలితో తడిమి తెలుసుకుంటూ, లోపలి నుంచి అంచు వైపుకి బ్లేడు నడపాలి. చెవి మొదట్లో బయటి అంచున చర్మం చిన్న జేబులా రెండు మడతలుగా ఉంటుంది, తొందరపడితే తెగేది అదే.

అట్ట పోయాక చెవులకి ఒక్కసారిగా బరువు తగ్గుతుంది, దురద పుడుతుంది. కుక్క తల గట్టిగా విదిలించడం మొదలుపెడుతుంది. అలా విదిలించీ విదిలించీ చెవి కొసలో రక్తం రావచ్చు, చెవి లోపల రక్తం చేరి దిండులా ఉబ్బనూ వచ్చు. కాబట్టి చెవులు గీస్తే మొదటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి. ఆగకుండా విదిలిస్తుంటే మెత్తటి గుడ్డ పట్టీని తల చుట్టూ వదులుగా, ఊపిరికి అడ్డం లేకుండా వేసి చెవుల్ని కాసేపు ఆనించి ఉంచండి, మీరు పక్కనే ఉన్నప్పుడు మాత్రమే. చెవి ఉబ్బిందంటే ఇంటి వైద్యం వద్దు, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

తోక: మొదట్లో చిక్కు ఉంటే ఆ అంగుళం మేర తీసి, కుచ్చు ఉంచేయమనండి. ఒళ్ళు పొట్టిగా ఉన్నా తోక నిండుగా ఉంటే చూడటానికి షిట్జూలాగే ఉంటాడు.

అత్తయ్యగారి మాటలో సగం నిజం ఉంది. అట్టకట్టిన జుట్టులోకి గాలి ఆడదు, చెమ్మ చేరుతుంది, చర్మం మగ్గుతుంది. అది పోతే బన్నీకి కచ్చితంగా హాయి. కానీ కుక్క ఒంటి వేడి ప్రధానంగా పోయేది రొప్పడం వల్ల, చర్మం మీద చెమట పట్టి కాదు. షిట్జూకి ముక్కు చట్టిది, రొప్పి చల్లబడటం దానికి మిగతా కుక్కల కన్నా కష్టం. ఎంత పొట్టిగా గీయించినా మధ్యాహ్నం బయటికి తీసుకెళ్తే వడదెబ్బ తగలొచ్చు. పైగా 3 మిల్లీమీటర్ల లోపు గీసిన చర్మానికి ఎండ నేరుగా తగిలి కమిలిపోతుంది. చిక్కు లేకుంటే ఈ ఊరి ఎండలకి సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు సరైన పొడవని నా అభిప్రాయం. ఇదంతా షిట్జూ, లాసా, మాల్టీస్ లాంటి, జుట్టు పెరుగుతూనే ఉండే జాతులకి చెప్తున్నాను. పక్కింట్లో పొమెరేనియనో గోల్డెన్ రిట్రీవరో ఉంటే వాళ్ళకి ఈ సలహా ఇవ్వకండి. వాటిని గీస్తే కొన్నిసార్లు జుట్టు నెలల తరబడి సరిగ్గా రాదు, వచ్చినా అడుగు బొచ్చు, పై జుట్టు కలగాపులగంగా వస్తాయి.

గీశాక చర్మం మీద ఎర్రటి మచ్చలు, చుండ్రు, పేలు కనిపిస్తే కంగారుపడకండి, అవి ఇంతకాలం అట్ట కింద ఉన్నవే. ఎరుపు రెండు మూడు రోజుల్లో తగ్గాలి. తగ్గకుండా తడిగా, జిగురుగా మారి వాసన వస్తే డాక్టర్‌కి చూపించాలి. కొన్ని కుక్కలు ఒకటి రెండు రోజులు తోక ముడుచుకుని మూల కూర్చుంటాయి, కూర్చుని పాకుతాయి. గాలి కొత్తగా తగలడం వల్ల అలా చేస్తాయి. పల్చటి కాటన్ చొక్కా తొడిగితే సర్దుకుంటాయి.

బన్నీ చంకలో చెయ్యి పెడితేనే కరవబోతుంటే, లేదా అట్ట కింద పుండు ఉందని అనుమానంగా ఉంటే పార్లర్‌కి కాకుండా గ్రూమింగ్ కూడా చేసే వెటర్నరీ క్లినిక్‌కి తీసుకెళ్ళండి. అవసరమైతే మత్తు ఇవ్వాలో వద్దో డాక్టర్ నిర్ణయిస్తారు. చట్టిముక్కు కుక్కలకి మత్తు జాగ్రత్తగా ఇవ్వాలి. పార్లర్‌లో ఎవరైనా "ఒక మాత్ర వేస్తే కదలడు" అంటే అక్కడ చేయించకుండా వచ్చేయండి.

ఆ తర్వాత ఆరు వారాలకి మళ్ళీ వెళ్ళండి. అప్పటికి సుమారు సెంటీమీటరు, ఇంకొంచెం పెరిగి ఉంటుంది. పొడవు తీయించకుండా ముఖం, పాదాలు, శుభ్రం చేయాల్సిన చోట్లు మాత్రం సరిచేయించండి. రెండో విడతకి ఒంటి మీద 16 మిల్లీమీటర్ల అటాచ్‌మెంట్ పట్టేంత జుట్టు రావచ్చు, అప్పుడు అసలు టెడ్డీ బేర్ కట్ చేయించుకోండి. రెండంగుళాలు కావాలంటే ఐదారు నెలల మాట. ఆ పొడవు నిలబడాలంటే రోజు విడిచి రోజు చర్మం నుంచి దువ్వాలి, అంటే సన్నటి తీగ పళ్ళుండే స్లిక్కర్ బ్రష్‌తో పాయలు పాయలుగా చేసి, చివర్న స్టీలు దువ్వెనతో సరిచూసుకోవాలి. స్నానానికి ముందు తప్పకుండా దువ్వాలి, తర్వాత డ్రయ్యర్‌తో అడుగుదాకా ఆరబెట్టాలి. వారానికి ఒక్కసారి మాత్రమే కుదురుతుందంటే 13 నుంచి 16 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోండి, దానికి వారానికోసారి చాలు. హార్నెస్ వాకింగ్‌కి మాత్రమే వేసి, ఇంటికి రాగానే తీసేయండి.

పరీక్ష చేశాక ఇంకో నాలుగు ఫోటోలు పెట్టండి. పగటి వెలుగులో, కిటికీ పక్కన, ఒకరు జుట్టు పాయ తీసి చర్మం కనిపించేలా పట్టుకుంటే ఇంకొకరు దగ్గర నుంచి తీయాలి. ఒక చంక, ఒక చెవి వెనక, పక్కటెముకల మధ్య, తోక మొదలు చాలు. దువ్వెన ఆగిన చోట దాన్ని అలాగే ఉంచి తీస్తే అట్ట చర్మానికి ఎంత ఎత్తులో ఉందో నాకు కనిపిస్తుంది, బ్లేడు నంబర్ అప్పుడు చెప్తాను.